గల్ఫ్ జీతం ఇంటికి చేరే దారి

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి దుబాయ్‌కో షార్జాకో వెళ్లి పనిచేసే మనిషి జీతం మూడు వాటాలుగా విడిపోతుంది. మొదటిది అక్కడ తాను బతకడానికి, రెండోది ఇంటి దగ్గర అమ్మానాన్నలకు, మూడోది వెళ్లడానికి చేసిన అప్పుకు. ఈ మూడూ తీరాక మిగిలితే అది తన పొదుపు. ఆచరణలో మాత్రం చాలామందికి మిగిలేది ఏమీ ఉండదు. జీతం తక్కువ కావడం ఒక కారణమే కానీ, డబ్బు పంపే పద్ధతిలోనే ఏటా కొన్ని వేల రూపాయలు జారిపోవడం ఇంకో కారణం. రేటు కోసం ఆగడం, నెలకు రెండు మూడు సార్లు కొంచెం కొంచెం పంపడం, పొదుపు కూడా నాన్న ఖాతాలోకే వేయడం ఇందులో ముఖ్యమైనవి. ఈ మూడింటినీ లెక్క వేసి చూస్తే ఎక్కడ ఎంత పోతోందో తెలుస్తుంది.

లెక్కకు ఒక ఊహా ఉదాహరణ తీసుకోవచ్చు. షార్జాలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే కుర్రవాడి జీతం నెలకు 2,200 దిర్హామ్‌లు. బస కంపెనీదే. తిండికి, ఫోనుకు, చిల్లర ఖర్చులకు 600 పోగా 1,600 మిగులుతాయి. ఊళ్లో అమ్మానాన్నలకు ఇంటి ఖర్చు, మందులు కలిపి నెలకు 18,000 రూపాయలు కావాలి. వీసాకు, ఏజెంటుకు, టికెట్‌కు చేసిన అప్పు లక్షా యాభై వేలు ఉంది. దానికి వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. అప్పు తీర్చడానికి నెలకు 12,000 పెట్టుకున్నాడు. అంటే నెలనెలా ఇంటికి 30,000 రూపాయలు చేరాలి. దిర్హామ్ విలువ 24 రూపాయలు అనుకుందాం.

రేటు ఎక్కడ మారుతుంది

యూఏఈ దిర్హామ్‌ను 1997 నుంచి అమెరికా డాలరుకు 3.6725 దగ్గర కట్టేశారు. డాలరుతో పోలిస్తే దిర్హామ్ పెరగదు, తగ్గదు. సౌదీ రియాల్ 3.75 దగ్గర, ఖతార్ రియాల్ 3.64 దగ్గర ఇలాగే స్థిరంగా ఉంటాయి. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎక్కువగా వెళ్లే కువైట్‌లో పద్ధతి కొంచెం వేరు. అక్కడి దినార్‌ను 2007 నుంచి డాలరు ఒక్కదానికే కాకుండా కొన్ని కరెన్సీల కలయికకు ముడిపెట్టారు.

దీనివల్ల గల్ఫ్‌లో ఉన్నవారికి ఒక సౌలభ్యం ఉంది. దిర్హామ్ రేటు మారిందంటే మారింది నిజానికి రూపాయే. టీవీలోనో ఫోన్‌లోనో డాలరు రేటు చూసి 3.6725తో భాగిస్తే దిర్హామ్ అసలు విలువ వచ్చేస్తుంది. డాలరు 88.14 రూపాయలు ఉన్న రోజున దిర్హామ్ విలువ సరిగ్గా 24 రూపాయలు. ఎక్స్ఛేంజ్ కౌంటర్‌లో 23.60 అని చెబితే, దిర్హామ్‌కు 40 పైసలు దుకాణం తన దగ్గర ఉంచుకుంటోందని అర్థం. ఈ చిన్న భాగహారం తెలిసినవారికి బోర్డు మీద రాసిన రేటు మంచిదో కాదో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

బ్రిటన్‌లోనో యూరప్‌లోనో ఉన్నవారికి ఇంత తేలిక కాదు. పౌండు, యూరో కూడా డాలరుతో పోలిస్తే రోజూ మారుతుంటాయి. రూపాయి కదలికతో పాటు వాటి కదలికనూ చూసుకోవాలి.

రుసుము లేదంటే ఖర్చు లేదని కాదు

డబ్బు పంపినందుకు పడే ఖర్చు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి రసీదు మీద కనిపించే రుసుము. రెండోది అసలు విలువకూ దుకాణం ఇచ్చే రేటుకూ మధ్య తేడా. ఇది రసీదులో ఎక్కడా ఖర్చుగా కనిపించదు. అందుకే రుసుము ఎంత, రేటు ఎంత అని విడివిడిగా అడగడం కంటే, ఇంటి ఖాతాలో ఇన్ని రూపాయలు పడాలంటే నా చేతి నుంచి మొత్తం ఎన్ని దిర్హామ్‌లు పోతాయి అని అడగడం మేలు. రెండు దుకాణాలను సరిగ్గా పోల్చగలిగేది ఈ ఒక్క అంకెతోనే.

ఉదాహరణలోని కుర్రవాడికి రెండు దారులు ఉన్నాయనుకుందాం. ఒక యాప్‌లో రుసుము లేదు, రేటు 23.60. ఒక ఎక్స్ఛేంజ్‌లో రుసుము పన్నుతో కలిపి 23 దిర్హామ్‌లు, రేటు 23.90. ఇంట్లో 30,000 రూపాయలు చేరాలంటే యాప్‌లో 1,271 దిర్హామ్‌లు కావాలి. ఎక్స్ఛేంజ్‌లో 1,255 దిర్హామ్‌లు, రుసుము 23, మొత్తం 1,278 కావాలి. రేటు తక్కువైనా యాపే ఏడు దిర్హామ్‌లు చౌక.

అదే కుర్రవాడు తర్వాత ఎప్పుడైనా 5,000 దిర్హామ్‌లు ఒకేసారి పంపాల్సి వస్తే లెక్క తిరగబడుతుంది. యాప్‌లో పంపితే 1,18,000 రూపాయలు, ఎక్స్ఛేంజ్‌లో రుసుము తీసేశాక కూడా దాదాపు 1,18,950 రూపాయలు చేరతాయి. కారణం తేలికే. రుసుము ఎంత పంపినా అంతే ఉంటుంది, రేటు తేడా మాత్రం పంపే ప్రతి దిర్హామ్ మీదా పడుతుంది. చిన్న మొత్తానికి రుసుము బరువు, పెద్ద మొత్తానికి రేటు బరువు. ఈ ఉదాహరణలో రెండూ సమానమయ్యేది సుమారు 1,830 దిర్హామ్‌ల దగ్గర. దుకాణాన్ని బట్టి ఈ అంకె మారుతుంది కాబట్టి, ఒకసారి చౌకగా తేలిన చోటుకే ఎప్పటికీ వెళ్లకుండా పంపే మొత్తం మారినప్పుడల్లా మళ్లీ పోల్చుకోవాలి.

రుసుము ఉన్న చోట నెలకు రెండుసార్లు పంపితే అదనంగా 23 దిర్హామ్‌లు, అంటే దాదాపు 550 రూపాయలు పోతాయి. ఏడాదికి అది 6,600. అమ్మానాన్నల మందులకు రెండు మూడు నెలలు సరిపోయే డబ్బు. ఇంటి నుంచి మధ్యలో ఫోన్ రావడం వల్లే చాలాసార్లు ఈ రెండో పంపకం జరుగుతుంది. నెల ఖర్చులో ఒక ఐదారు వేలు ముందుగానే నాన్న ఖాతాలో అదనంగా నిలవ ఉంచితే దాని అవసరం చాలావరకు తప్పుతుంది.

ఎక్స్ఛేంజ్ ద్వారా కాకుండా బ్యాంకు నుంచి బ్యాంకుకు డాలర్లలోనో దిర్హామ్‌లలోనో పంపితే ఇంకో రెండు కోతలు ఉండవచ్చు. దారిలో ఉండే మధ్యవర్తి బ్యాంకు కొంత తీసుకోవచ్చు. ఆ డబ్బును ఇక్కడి బ్యాంకు రూపాయల్లోకి మార్చినప్పుడు ఆ సేవ మీద జీఎస్టీ పడుతుంది. లక్ష రూపాయల మార్పిడికి ఈ జీఎస్టీ 180 రూపాయలు. పంపిన మొత్తానికీ పాస్‌బుక్‌లో పడిన మొత్తానికీ తేడా వచ్చిందని కంగారుపడేవారు ముందు ఈ రెండు కోతలనూ చూసుకోవాలి.

అమెరికాలో ఉన్నవారికి 2026 జనవరి 1 నుంచి కొత్తగా ఒక ఖర్చు వచ్చింది. నగదు, మనీ ఆర్డరు వంటివి ఇచ్చి విదేశాలకు డబ్బు పంపితే ఒక శాతం పన్ను పడుతుంది. అక్కడి బ్యాంకు ఖాతా నుంచో, అక్కడి డెబిట్ కార్డుతోనో పంపితే ఈ పన్ను లేదు. కాబట్టి అక్కడ నగదు ఇచ్చి పంపే అలవాటు మానుకుంటే సరిపోతుంది.

రేటు కోసం ఆగితే

రూపాయి పడిపోతోందన్న వార్త రాగానే ఇంకొన్నాళ్లు ఆగితే ఎక్కువ వస్తుందన్న ఆశ పుడుతుంది. ఆ ఆశకు ఆధారం లేకపోలేదు. 2013 మే మొదట్లో డాలరు సుమారు 54 రూపాయలు ఉండేది. 2025 డిసెంబరులో అది 90 దాటింది. దిర్హామ్‌ల్లో చూస్తే 14.70 నుంచి 24.50కి వచ్చినట్టు. సగటున ఏడాదికి నాలుగు శాతం.

అయితే ఏడాదికి నాలుగు శాతమంటే నెలకు మూడో వంతు శాతమే. అదీ నిచ్చెన మెట్లలా క్రమంగా రాదు. 2013లోనే ఆగస్టు 28న డాలరు 68 రూపాయలు దాటింది, అంటే దిర్హామ్ 18.70కి వెళ్లింది. ఇరవై అవుతుందని జీతాలు పట్టుకుని కూర్చున్నవారు అక్టోబరు నాటికి 17 కంటే తక్కువకే పంపాల్సి వచ్చింది. ఆ పైస్థాయి మళ్లీ రావడానికి ఏళ్లు పట్టింది.

ఇప్పుడు ఉదాహరణలోని కుర్రవాడు ఒక నెల ఆగాడనుకుందాం. అప్పుకు కట్టాల్సిన 12,000 కట్టకపోతే దాని మీద నెల వడ్డీ 240 రూపాయలు. ఇంటి ఖర్చుకు అమ్మానాన్నలు 18,000 చేబదులు తెచ్చుకుంటే దాని మీద వడ్డీ 360. మొత్తం 600 రూపాయలు పోయాయి. ఇది పూడాలంటే ఆ ఒక్క నెలలో దిర్హామ్ 48 పైసలు పెరగాలి. సగటున నెలకు పెరిగేది ఎనిమిది పైసలు. అప్పుడప్పుడు 48 పైసలు పెరిగే నెల రావచ్చు, పది పైసలు తగ్గే నెలా రావచ్చు. కానీ వడ్డీ మాత్రం ప్రతి నెలా తప్పకుండా పెరుగుతుంది. నూటికి రెండు రూపాయల అప్పు ఉన్నంతకాలం రేటు కోసం ఆగడం ఖచ్చితంగా నష్టం వచ్చే బేరం.

కాబట్టి జీతం వచ్చిన తర్వాత ఒక తేదీ పెట్టుకుని, ప్రతి నెలా ఆ తేదీకే పంపాలి. ఏడాదిలో పన్నెండు సార్లు పంపితే కొన్నిసార్లు మంచి రేటుకు, కొన్నిసార్లు తక్కువకు పోతుంది. మొత్తం మీద ఆ ఏడాది సగటు రేటు దక్కుతుంది. శని, ఆదివారాలు మాత్రం వదిలేస్తే మంచిది. ఆ రోజుల్లో మన దేశంలో కరెన్సీ మార్కెట్ మూసి ఉంటుంది. సోమవారం రేటు ఎలా ఉంటుందో తెలియక కొన్ని దుకాణాలు ముందుజాగ్రత్తగా కొంత తగ్గించి ఇస్తాయి.

ముందు తీరాల్సింది వీసా అప్పు

ఎక్కువ డబ్బు పోయే చోటు రేటు కాదు, రుసుము కాదు, అప్పు. లక్షా యాభై వేలకు నెల వడ్డీ 3,000. ఆ వడ్డీ మాత్రమే కడుతూ పోతే రెండేళ్ల కాంట్రాక్టు ముగిసేసరికి 72,000 కట్టినా అసలు అలాగే ఉంటుంది. నెలకు 12,000 చొప్పున కడితే పదిహేనో నెలలో అప్పు పూర్తిగా తీరుతుంది, మొత్తం వడ్డీ 24,000 పైచిలుకు అవుతుంది. తేడా దాదాపు 48,000 రూపాయలు. ఎంత మంచి ఎక్స్ఛేంజ్‌ను వెతికినా రెండేళ్లలో ఇంత మిగలదు.

ఈ లెక్క నిజం కావాలంటే ఒక షరతు ఉంది. కట్టిన డబ్బులో వడ్డీ పోగా మిగిలింది అప్పుడే అసలులోంచి తగ్గాలి. ఊళ్లలో అప్పిచ్చేవారందరూ ఇందుకు ఒప్పుకోరు. అసలు మొత్తం ఒకేసారి తెమ్మనేవారూ ఉంటారు. డబ్బు పంపడం మొదలుపెట్టే ముందే ఈ సంగతి మాట్లాడుకోవాలి. ఒప్పుకుంటే నాన్న కట్టిన ప్రతిసారీ ప్రామిసరీ నోటు వెనుక తేదీ వేసి జమ రాయించుకోవాలి. చేతికి నగదు ఇవ్వకుండా ఖాతా నుంచి ఖాతాకు పంపితే బ్యాంకు లెక్కలోనూ ఆధారం ఉంటుంది. అప్పు తీరిన రోజున నోటును వెనక్కి తీసుకోవడం మరవకూడదు. విడివిడిగా కట్టడానికి ఒప్పుకోకపోతే ఆ 12,000ను ప్రతి నెలా వేరుగా దాచి, మొత్తం కూడగానే కట్టేయాలి. ఇంటి ఖర్చులో కలిస్తే అది కూడదు.

ఇంటి ఖాతా సరిగ్గా ఉందా

పంపిన డబ్బు దారిలో ఆగిపోయిందంటే ఎక్కువసార్లు సమస్య ఇక్కడి ఖాతాలోనే ఉంటుంది. జన్‌ధన్ కింద పూర్తి పత్రాలు లేకుండా తెరిచిన ఖాతాలను బ్యాంకులు చిన్న ఖాతాలుగా చూస్తాయి. వాటిలో నిలవ 50,000 రూపాయలు దాటకూడదు, ఏడాదిలో జమ మొత్తం లక్ష దాటకూడదు, నెలకు 10,000 మించి తీయకూడదు. పూర్తి కేవైసీ చేయించేదాకా విదేశాల నుంచి వచ్చే డబ్బును వాటిలో జమ చేయరు. అమ్మ పేరు మీద ఉన్న ఖాతా ఇలాంటిదైతే ఒకసారి ఆధార్, పాన్ తీసుకుని బ్యాంకుకు వెళ్తే మామూలు ఖాతాగా మారుస్తారు. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతా కూడా నిద్రాణమైపోతుంది, దాన్నీ కేవైసీతో తిరిగి తెరిపించాలి.

ఇంకో చిక్కు పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు అదే రోజున కెనరా బ్యాంకులో కలిశాయి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒకటయ్యాయి. తెలంగాణలోనూ రెండు గ్రామీణ బ్యాంకుల శాఖలు ఒకే బ్యాంకు కిందికి వచ్చాయి. ఇలాంటి విలీనాల తర్వాత కోడ్‌లు మారుతుంటాయి. పాత పాస్‌బుక్ ఫోటో చూసి పంపితే డబ్బు వెనక్కి వస్తుంది. వెనక్కి వచ్చిన డబ్బును ఆనాటి రేటుకు మళ్లీ మార్చి ఇస్తారు కాబట్టి రెండు మార్పిడుల మధ్య కొంత పోతుంది. మొదటిసారి ఒక కొత్త ఖాతాకు పంపేటప్పుడు కొద్ది మొత్తం పంపి, పడిందని నాన్న చెప్పాక మిగతాది పంపడం మంచి పద్ధతి. రసీదులోని పేరు పాస్‌బుక్‌లోని పేరుతో ఇంటిపేరు సహా సరిపోవాలి.

ఖాతాలో కాకుండా నగదుగా తీసుకునే పద్ధతికి రిజర్వు బ్యాంకు పరిమితులు పెట్టింది. ఒక్కసారి 2,500 డాలర్ల విలువ మించి పంపకూడదు, ఒకే వ్యక్తి ఏడాదిలో 30 సార్లకు మించి తీసుకోకూడదు, నగదుగా ఇచ్చేది 50,000 రూపాయల వరకే. గల్ఫ్ ఎక్స్ఛేంజ్‌ల నుంచి నేరుగా బ్యాంకు ఖాతాకు వచ్చే డబ్బుకు, కుటుంబ పోషణ కోసమైతే, మొత్తం మీద పరిమితి లేదు.

బ్యాంకు అడిగే కారణం దగ్గర కుటుంబ పోషణ అని చెప్పాలి. దానికి కోడ్ P1301. కొడుకో కూతురో పంపిన డబ్బు మీద అమ్మానాన్నలు ఆదాయ పన్ను కట్టక్కర్లేదు, ఎంత పెద్ద మొత్తమైనా సరే. అది దగ్గరి బంధువు ఇచ్చిన కానుక కింద వస్తుంది. ఆ డబ్బును వారు డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ మాత్రం వారి ఆదాయమే. భార్య పేరు మీద వేస్తే పద్ధతి వేరు. ఆమెకు వచ్చే వడ్డీని పంపిన భర్త ఆదాయంలో కలిపి లెక్కిస్తారు.

పొదుపు ఎవరి పేరు మీద

నాన్న ఖాతాలోకి పంపి, నా కోసం దాచమని చెప్పడం మన కుటుంబాల్లో మామూలే. ఆ నమ్మకంలో తప్పు లేదు. కానీ చట్టం దృష్టిలో ఆ డబ్బు నాన్నది. ఆయన తర్వాత, వీలునామా లేకపోతే, అమ్మకూ అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ అందరికీ అందులో వాటా ఉంటుంది. పదేళ్లు ఎడారిలో కష్టపడి పంపిన డబ్బు కోసం తోబుట్టువుల మధ్య గొడవ రాకూడదంటే అమ్మానాన్నలకు ఇచ్చేది వేరు, దాచుకునేది వేరు అని మొదటి నెల నుంచే విడదీయాలి.

దాచుకునేది ఎన్ఆర్ఈ ఖాతాలో ఉండాలి. ఉద్యోగం కోసం దేశం దాటిన మనిషి తన పాత సేవింగ్స్ ఖాతాను మామూలుగా కొనసాగించకూడదు. ఆ సంగతి బ్యాంకుకు చెప్పి ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలి. ఊళ్లోని ఇంటి అద్దె, కౌలు వంటి ఇక్కడి ఆదాయం అందులో పడుతుంది, దాని వడ్డీ మీద పన్ను ఉంటుంది. విదేశీ సంపాదన ఎన్ఆర్ఈలోకి వెళ్తుంది. అక్కడి వడ్డీ మీద ఇక్కడ ఆదాయ పన్ను లేదు, డబ్బు మళ్లీ విదేశానికి తీసుకెళ్లడానికి అడ్డు లేదు. అమ్మనో నాన్ననో రెండో పేరుగా చేర్చుకోవచ్చు. ఖాతాదారుకు ఏదైనా జరిగితే డబ్బు వారికి అందేలా నామినీ కూడా రాయించాలి. ఎన్ఆర్ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్ కనీసం ఏడాదికి వేయాలి, ముందే తీస్తే వడ్డీ రాదు.

పొదుపు మొత్తాన్నీ రూపాయల్లోకి మార్చకూడదు. ఖర్చు ఏ డబ్బులో వస్తుందో ఆ డబ్బులోనే దాన్ని ఉంచుకోవాలి. ఉద్యోగం పోతే అక్కడ రెండు మూడు నెలలు బతకడానికి, విమానం టికెట్‌కు కావాల్సింది దిర్హామ్‌ల్లోనే ఉండాలి. ఉదాహరణలోని కుర్రవాడికి అది సుమారు 2,500. మొదటి ఎనిమిది నెలల మిగులు దీనికే పోతుంది. ఆ తర్వాతి పొదుపు ఇల్లు కట్టడానికో చెల్లెలి పెళ్లికో అయితే, ఆ ఖర్చు రూపాయల్లో కాబట్టి ఎన్ఆర్ఈ డిపాజిట్‌లోకి పంపవచ్చు. రూపాయి ఇంకా పడుతుందని దిర్హామ్‌లు చేతిలో పెట్టుకుంటే సగటున ఏడాదికి నాలుగు శాతం కలిసి వస్తుంది, వడ్డీ ఏమీ రాదు. ఎన్ఆర్ఈ డిపాజిట్ మీద బ్యాంకులు ఇటీవలి ఏళ్లలో ఆరు శాతం పైన ఇస్తున్నాయి.

భూమి విషయంలో ఒక నియమం తెలియక చాలామంది చిక్కుల్లో పడుతున్నారు. ప్రవాస భారతీయుడు ఇంటి స్థలం, ఇల్లు, ఫ్లాటు కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి వీల్లేదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. గల్ఫ్‌లో ఉండగానే ఊళ్లో రెండెకరాలు తన పేరు మీద రాయించుకోవడం విదేశీ మారక చట్టానికి విరుద్ధం. నాన్న పేరు మీద కొంటే అది నాన్న ఆస్తి. పొలమే కావాలనుకుంటే డబ్బు ఎన్ఆర్ఈలో దాచి, తిరిగి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాక కొనడం సరైన దారి.

గల్ఫ్ ఉద్యోగానికి మన పీఎఫ్ వంటిది సాధారణంగా ఉండదు. దాని బదులు పని మానేటప్పుడు గ్రాట్యుటీ ఇస్తారు. యూఏఈ చట్టం ప్రకారం కనీసం ఏడాది పనిచేసినవారికి, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ పైన ఏడాదికి 30 రోజుల మూల వేతనం వస్తుంది. మూల వేతనమంటే అలవెన్సులు కలపనిది. జీతం 2,200 ఉన్నా కాంట్రాక్టులో మూల వేతనం 1,400 అని ఉంటే ఏడాదికి వచ్చేది 980 దిర్హామ్‌లే. కాంట్రాక్టు మీద సంతకం పెట్టే ముందు ఈ అంకె చూసుకోవాలి.

హుండీ ఇచ్చే ఎక్కువ రేటు

క్యాంపులో ఎవరో ఒకరు బ్యాంకు కంటే ముప్పై పైసలు ఎక్కువ ఇస్తాం, గంటలో ఇంటికి నగదు చేరుస్తాం అంటారు. ఇదే హుండీ, హవాలా. మన దేశంలో ఇది చట్టవిరుద్ధం, పట్టుబడితే పంపిన మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా పడవచ్చు. జరిమానా మాట పక్కన పెట్టినా నష్టం ఉంది. ఆ డబ్బుకు రసీదు ఉండదు, మధ్యవర్తి మాయమైతే అడిగే దిక్కు ఉండదు. ఇంటికి చేరే డబ్బు ఏదైనా మోసం కేసులోదైతే అది పడిన నాన్న ఖాతాను పోలీసులు స్తంభింపజేస్తారు. రేపు ఇల్లు కొనేటప్పుడు డబ్బు ఎక్కడిదని అడిగితే చూపడానికి కాగితం ఉండదు. 1,250 దిర్హామ్‌ల మీద ముప్పై పైసలంటే 375 రూపాయలు. దానికోసం ఇంత ప్రమాదం తెచ్చుకోవడం తగదు.

రెండేళ్ల చివర

ఉదాహరణలోని కుర్రవాడి లెక్క ఇలా ముగుస్తుంది. మొదటి పదిహేను నెలలు ఇంటికి 1,271 దిర్హామ్‌లు పంపగా అతనికి నెలకు 329 మిగిలాయి. అప్పు తీరాక ఇంటికి 18,000 రూపాయలే పంపాలి కాబట్టి 763 దిర్హామ్‌లు చాలు, నెలకు 837 మిగులుతాయి. రెండేళ్లకు మొత్తం సుమారు 12,400 దిర్హామ్‌లు, అంటే మూడు లక్షలకు కాస్త తక్కువ. గ్రాట్యుటీ దానికి అదనం. అమ్మానాన్నలకు ఒక్క నెల కూడా ఆగలేదు, ఊళ్లో బాకీ లేదు.

ఈ ప్రణాళికను తలకిందులు చేయగలిగేది పెద్దవారి ఆసుపత్రి ఖర్చు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. డెబ్బై ఏళ్లు దాటిన వారందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి ఐదు లక్షల వరకు వైద్యం 2024 అక్టోబరు నుంచి ఉంది. అమ్మానాన్నలకు ఈ కార్డులు ఉన్నాయో లేదో సెలవుకు వచ్చినప్పుడే చూసి, లేకపోతే చేయించి వెళ్లాలి. జీతం వచ్చిన రోజున తన వాటా ముందు పక్కన పెట్టి, ఆ తర్వాతే ఇంటికి పంపాలి. తిరిగి వచ్చే రోజున చేతిలో ఏమీ లేని కొడుకు మళ్లీ అప్పు చేసి విమానం ఎక్కాల్సి వస్తుంది. ఏ తల్లిదండ్రులూ అది కోరుకోరు.